హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు: జరిగింది జరిగినట్టు రాయడం ఎలా

తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు రాయాలని కూర్చున్నప్పుడు మన చేతికి ముందు వచ్చేవి కోపం మాటలే. అది సహజం. కానీ ఆ కాగితం అందుకున్న హెచ్‌ఆర్ మనిషి చేయాల్సిన పని మీతో పాటు కోపం తెచ్చుకోవడం కాదు, మీరు రాసినది నిజమా కాదా అని తేల్చడం. రిజిస్టర్ తెప్పిస్తారు, అక్కడున్నవాళ్ళని పిలుస్తారు, అవతలి మనిషిని కూడా కూర్చోబెట్టి అడుగుతారు. అంటే మీ ఫిర్యాదులో ఉన్న విషయాలు ఏదో ఒక దశలో అతని ముందు పెడతారు. ఈ రెండూ గుర్తుంటే చాలావరకు భాష దానంతట అదే సరిపడుతుంది: ప్రతి వాక్యం ఎవరో ఒకరు వెళ్ళి సరిచూడగలిగేదై ఉండాలి, అవతలివాడు చదివి "ఇది అబద్ధం" అనలేనిదై ఉండాలి.

తటస్థంగా రాయడమంటే మెత్తగా రాయడం అనుకుని చాలామంది ఇంకో తప్పు చేస్తారు. బూతులు తిడితే "అనుచితంగా మాట్లాడారు" అని రాస్తారు. ఆ మాట చదివి హెచ్‌ఆర్ ఏం చేయగలదు? గొంతు పెంచడమూ అనుచితమే, తల్లిని తిట్టడమూ అనుచితమే. మీ కోపం తగ్గించి రాయండి, జరిగినదాన్ని మాత్రం తగ్గించకండి.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. పరవాడ ఫార్మా సిటీలాంటి చోట ఒక మందుల ఫ్యాక్టరీ, అందులో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్. మన కుర్రాడు అక్కడ అనలిస్ట్. మూడు షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. అతను ఎ షిఫ్ట్‌లో ఉన్న వారం, అంటే ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, రిలీవర్‌గా బి షిఫ్ట్‌లో ఒక సీనియర్ వస్తాడు. రిలీవర్ వచ్చి, నడుస్తున్న శాంపిళ్ళు అప్పజెప్పించుకుని, హ్యాండోవర్ రిజిస్టర్‌లో సంతకం పెడితే గానీ ఇతను కదలకూడదు. కంపెనీ బస్సు 2:20కి వెళ్ళిపోతుంది. షిఫ్టుల్లో పనిచేసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు.

ముందు ఇది హెచ్‌ఆర్‌కి వెళ్ళాల్సిన విషయమేనా చూసుకోండి

అన్ని ఫిర్యాదులూ ఒక దారిలో వెళ్ళవు. లైంగికంగా వేధించడం, అలాంటి వ్యాఖ్యలు, తాకడం, మెసేజ్‌లు అయితే ఒక మహిళ ఫిర్యాదు చేయాల్సింది 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఏర్పడిన ఇంటర్నల్ కమిటీకి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. హెచ్‌ఆర్‌తో "మాట్లాడి చూద్దాం" అని నెలలు గడిపేస్తే ఆ గడువే పోతుంది. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని అవమానించడం, కొట్టడం, బెదిరించడం పోలీసుల దాకా వెళ్ళదగ్గ విషయాలు. వాటిని ఆఫీసు గొడవగా కుదించి రాయకండి.

మన కుర్రాడిది ఇవేవీ కాదు. రిలీవర్ ఆలస్యం, ఒక రోజు జరిగిన తిట్లు. ఇది హెచ్‌ఆర్‌కే.

మొదటి చిత్తు: మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టండి

ఆఫీసు మెయిల్‌లో రాయకండి. చెయ్యి జారి పంపేస్తే వెనక్కి రాదు. ఇంట్లో నోట్‌బుక్‌లో రాయండి. కోపంగానే రాయండి, ఆపుకోకండి. ఇప్పుడు ఆపుకుంటే అసలు విషయాలు కూడా బయటికి రావు. మన కుర్రాడు రాసింది ఇది:

"సార్, బి షిఫ్ట్‌లో వచ్చే ఆయనకి అసలు బాధ్యతే లేదు. రోజూ కావాలనే లేటుగా వస్తాడు. నేను జూనియర్‌నని చులకన. మొన్న అందరి ముందు నా పరువు తీశాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. ల్యాబ్‌లో అందరికీ ఇతని సంగతి తెలుసు. ఇన్‌ఛార్జికి చెప్పినా పట్టించుకోరు, వాళ్ళిద్దరూ ఒకే ఊరివాళ్ళు. లాగ్‌బుక్ కూడా తర్వాతెప్పుడో నింపుతాడట. ఇలాంటివాళ్ళని ఉంచుకుంటే కంపెనీకే నష్టం. వెంటనే చర్య తీసుకోవాలి, లేకపోతే నేను రిజైన్ చేస్తాను."

ఇందులో కావాలని ఆడిన అబద్ధం లేదు. కానీ ఇలాగే పంపితే ఏమవుతుందో చూడండి. అవతలి సీనియర్ హెచ్‌ఆర్ గదిలో కూర్చుని, "రోజూనా? శనివారం నేను 1:50కే వచ్చాను, పంచింగ్ చూడండి" అంటాడు. పంచింగ్ చూస్తే అది నిజమే. ఆ ఒక్క "రోజూ" వల్ల మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. "ఒకే ఊరివాళ్ళు" అన్న మాటతో ఇన్‌ఛార్జి కూడా ఎదురుతిరుగుతాడు. ఇక విషయం బస్సు గురించీ తిట్ల గురించీ కాకుండా, ఈ కుర్రాడి మీదకి మళ్ళుతుంది.

ఒక్కో వాక్యాన్నీ విడదీయండి

చిత్తు పక్కన పెట్టుకుని, ప్రతి వాక్యాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: ఇది నేను చూశానా, విన్నానా, లేక అనుకున్నానా?

"అసలు బాధ్యతే లేదు" అనేది అభిప్రాయం. దాన్ని కొట్టేయండి. బాధ్యత ఉందో లేదో తేదీలే చెప్తాయి.

"కావాలనే" అనేది ఊహ. అతని మనసులో ఏముందో మనకి తెలియదు. ఇంట్లో ఇబ్బంది ఉందేమో, అతను ఎక్కే బస్సే ఆలస్యమేమో. ఒకవేళ అతనే "ఆగితే ఆగుతాడులే" అని మీ ఎదుట అన్నాడనుకోండి, అప్పుడు ఆ మాటని అన్నది అన్నట్టు రాయండి. ఉద్దేశం ఏమిటో చదివినవాళ్ళే తేల్చుకుంటారు.

"జూనియర్‌నని చులకన" కూడా ఊహే. దీని వెనక ఒక మాట ఉంది. అది ఏమిటని మన కుర్రాడు తనని తాను అడిగితే "నీలాంటి ట్రైనీ గాళ్ళని చాలామందిని చూశాను" అన్న మాట గుర్తొచ్చింది. చాలాసార్లు ఇలాగే ఉంటుంది. మన ఊహల కింద ఒక నిజమైన సంఘటన దాక్కుని ఉంటుంది. ఊహని కొట్టేసే ముందు దాని కింద ఏముందో తవ్వి చూడండి, కాగితం మీదకి రావాల్సింది అదే.

"అందరికీ ఇతని సంగతి తెలుసు" అన్నది మీ సాక్ష్యం కాదు, ఇతరులది. వాళ్ళ తరఫున మీరు మాట్లాడలేరు. హెచ్‌ఆర్ వాళ్ళని పిలిస్తే "మాకేం తెలియదు సార్" అంటారు, వాళ్ళకీ ఉద్యోగాలున్నాయి. ఘటన దగ్గర ఎవరున్నారో మాత్రం పేర్లతో రాయండి. "వీళ్ళు నాకు మద్దతిస్తారు" అని రాయకండి, ఏం చెప్పాలో వాళ్ళకి ముందుగా నేర్పకండి.

"లాగ్‌బుక్ తర్వాత నింపుతాడట" దగ్గర కాస్త ఆగాలి. ఆ చివరి "ట" ఉన్న వాక్యం ఏదైనా మీరు చూసింది కాదు, ఎవరో చెప్పింది. పైగా మందుల ఫ్యాక్టరీలో రికార్డుని పని జరిగినప్పుడే నింపాలి. తర్వాత నింపడం నాణ్యతకి సంబంధించిన తీవ్రమైన విషయం, దాన్ని చూసేది క్యూఏ విభాగం. దీన్ని షిఫ్ట్ ఆలస్యం కాగితంలో కలిపితే రెండూ చెడతాయి. ఆలస్యం గురించి ఎవరూ పట్టించుకోరు, లాగ్‌బుక్ విషయం కక్షతో చెప్పినట్టు కనిపిస్తుంది. కళ్ళారా చూసి ఉంటే క్యూఏకి వేరుగా రాయండి. వినికిడి మాత్రమే అయితే ఈ ఫిర్యాదులో దానికి చోటు లేదు.

"రిజైన్ చేస్తాను" అన్నది బెదిరింపులా చదువుకుంటారు. నిజంగా మానేసే ఆలోచన ఉంటే అది వేరే కాగితం.

ఇక మిగిలినవి మూడు: ఆలస్యం, ఒక రోజు తిట్లు, ఇన్‌ఛార్జికి చెప్పడం. ఫిర్యాదు అంతా వీటి మీదే నిలబడాలి.

"రోజూ" బదులు తేదీలు

ఇది అన్నిటికంటే ఓపిక కావాల్సిన పని. తేదీలు గుర్తులేవని చాలామంది వదిలేస్తారు గానీ, వెతికితే దొరుకుతాయి. మీ ఫోన్‌లోనే సగం ఉంటాయి. బస్సు పోయిన రోజు ఇంటికి "లేటవుతుంది" అని పెట్టిన మెసేజ్, ఆటోకి చేసిన యూపీఐ చెల్లింపు, మీరు బయటికి వెళ్ళిన పంచింగ్ వేళ. పండగలు కూడా సాయం చేస్తాయి. మన కుర్రాడికి గొడవ జరిగిన రోజు తేదీ గుర్తులేదు గానీ వినాయక చవితి మర్నాడని గుర్తుంది. 2025లో చవితి ఆగస్టు 27, బుధవారం. అంటే గొడవ 28, గురువారం.

అలా కూర్చుకుంటే తేలింది ఇది. ఆగస్టులో అతను ఎ షిఫ్ట్ చేసింది 4 నుంచి 9 వరకు, మళ్ళీ 25 నుంచి 30 వరకు. మధ్యలో చవితి సెలవు తీసేస్తే మొత్తం 11 రోజులు. వాటిలో రిలీవర్ ఆలస్యమైనవి నాలుగు: 5న 2:25కి, 8న 2:40కి, 26న 2:30కి, 28న 3:05కి. మొత్తం 160 నిమిషాలు, అంటే 2 గంటల 40 నిమిషాలు.

కోపంలో "రోజూ" అనిపించింది లెక్కేస్తే పదకొండులో నాలుగు. ఇది చూసి కొందరు నిరాశపడతారు, "ఇంతేనా, ఇది చాలదేమో" అని. నా అనుభవంలో హెచ్‌ఆర్ బల్ల దగ్గర "రోజూ" కంటే "పదకొండులో నాలుగు" చాలా బలంగా నిలబడుతుంది, ఎందుకంటే దాన్ని కాదనడానికి వీల్లేదు. మిగతా ఏడు రోజులు సమయానికే వచ్చారని మీరే రాసేయండి. అది అతనికి చేసే ఉపకారం కాదు. మీరు లెక్క చూసుకునే రాశారని చదివేవాళ్ళకి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సాక్ష్యం కోసమని హ్యాండోవర్ రిజిస్టర్‌ని ఫోటో తీయకండి. ల్యాబ్‌లోకి ఫోన్ తేవడమే చాలా ఫ్యాక్టరీల్లో నిషేధం. రిజిస్టర్ కాపీలు సొంత మెయిల్‌కి పంపుకున్నా, స్నేహితుడి ద్వారా అతని పంచింగ్ వివరాలు తీయించుకున్నా తప్పు మీ మీదకే తిరుగుతుంది. అంత శ్రమ అక్కర్లేదు కూడా. "ఫలానా తేదీ హ్యాండోవర్ రిజిస్టర్ చూడగలరు" అని రాస్తే చాలు. తెప్పించుకునే అధికారం హెచ్‌ఆర్‌కి ఉంది, మీకు లేదు.

వేళలో అనుమానం ఉంటే "సుమారు" అని రాయండి. 2:30 అని గట్టిగా రాసి రిజిస్టర్‌లో 2:27 ఉంటే అనవసరమైన గొడవ. "సుమారు 2:30" అంటే ఎవరూ పట్టుకోరు.

తిట్లని ఎలా రాయాలి

"పరువు తీశాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు." ఈ రెండు ముక్కల్లో జరిగినదేదీ లేదు. దీన్ని విప్పాలంటే ఆ పావుగంటని మళ్ళీ కళ్ళముందు పెట్టుకోవాలి. ఎక్కడ? ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో, రిజిస్టర్ ఉండే బల్ల దగ్గర. ఎప్పుడు? 3:05కి. ఎవరున్నారు? ఇద్దరు అనలిస్టులు, ఒక హెల్పర్. మొదట ఎవరు మాట్లాడారు? ఇక్కడ నిజాయితీగా ఉండాలి, మొదట మాట్లాడింది మన కుర్రాడే: "సార్, గంట దాటింది, బస్సు ఎప్పుడో పోయింది." సీనియర్: "ఏం రా, ఒక గంట ఆగితే చచ్చిపోతావా? నీలాంటి ట్రైనీ గాళ్ళని చాలామందిని చూశాను." అప్పుడు కుర్రాడు గొంతు పెంచి, "మీకు జీతమిచ్చేది పడుకోడానికా?" అన్నాడు. ఆయన రిజిస్టర్‌ని బల్ల మీదకి విసిరి, "నోరు మూసుకుని పో" అన్నాడు.

ఆ మాటల్ని అలాగే, కొటేషన్ గుర్తుల్లో రాయండి. బూతు ఉంటే బూతు కూడా. కాగితం మీద రాయడానికి సిగ్గుపడి చుక్కలు పెట్టేవాళ్ళున్నారు. ఆ చుక్కల్లో ఏముందో ఎవరికి వారు ఊహించుకుంటారు, అందరూ తక్కువే ఊహించుకుంటారు. మీ కంపెనీలో ఫిర్యాదు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా, అన్న మాట తెలుగులో ఉంటే దాన్ని తెలుగు మాటగానే ఉంచి, పక్కన అర్థం రాయండి. "ఏం రా" లో ఉన్న చులకన ఇంగ్లీషులోకి మారిస్తే మాయమైపోతుంది. మాటలు పూర్తిగా గుర్తులేకపోతే "ఈ అర్థం వచ్చేలా అన్నారు" అని రాయండి, కొటేషన్ గుర్తులు పెట్టకండి.

మీరన్న మాట కూడా రాయండి. ఇది చాలామందికి మింగుడుపడదు. కానీ మీరు రాయకపోతే అతను చెప్తాడు, అప్పుడది దాచిన విషయం అవుతుంది. మీరే ముందు రాస్తే అది జరిగిన దాంట్లో ఒక భాగం, అంతే. దాని పక్కన సంజాయిషీ కూడా అక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం, తెలుగులో రాసేవాళ్ళకి ముఖ్యం. చిత్తులో "వస్తాడు, తిట్టాడు" అని ఉంది. కాగితం మీద "వచ్చారు, అన్నారు" అని మార్చండి, పేరు పక్కన "గారు" పెట్టండి. అతని మీద గౌరవం ఉన్నా లేకపోయినా సరే. ఫిర్యాదులో "డు" వాడితే మొదటి వాక్యంలోనే మీ కోపం తెలిసిపోతుంది. అలాగని "నాకు అవమానం జరిగింది" అని చేసినవాళ్ళని వదిలేసి కూడా రాయకండి. ఎవరు ఏం చేశారో వాక్యంలో కనిపించాలి.

ఇన్‌ఛార్జి సంగతి

"చెప్పినా పట్టించుకోరు, ఒకే ఊరివాళ్ళు" అన్నదాంట్లో తేలేది: ఆగస్టు 9న షిఫ్ట్ ఇన్‌ఛార్జికి నోటితో చెప్పాడు, ఆయన "నేను మాట్లాడతాను" అన్నారు. 26న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, జవాబు రాలేదు. ఇంతే రాయాలి. "పట్టించుకోలేదు" అన్న మాట వాడక్కర్లేదు, "జవాబు రాలేదు" అన్నా అదే తెలుస్తుంది. ఇన్‌ఛార్జి నిజంగానే అతనితో మాట్లాడి ఉండొచ్చు, మీకు తెలియకపోవచ్చు. ఊరి ప్రస్తావన మొత్తం తీసేయండి.

ఏం కావాలో అడగడం

"చర్య తీసుకోవాలి" అంటే ఏ చర్య? "తీసేయండి", "ట్రాన్స్‌ఫర్ చేయండి" అని శిక్షని మీరు నిర్ణయిస్తే, అది హెచ్‌ఆర్ పని మీరు చేసినట్టవుతుంది. మీకు రేపటి నుంచి ఏం మారాలో అది అడగండి. మన కుర్రాడికి కావాల్సింది మూడే: రిలీవర్ 2:10 దాటితే ఎవరికి అప్పజెప్పి వెళ్ళాలో ఒక పద్ధతి, ఆగిన సమయాన్ని నిబంధనల ప్రకారం లెక్కలోకి తీసుకోవడం, 28న జరిగినదాని మీద విచారణ. మొదటిది చూడండి, అందులో ఎవరి మీదా నింద లేదు, కానీ అతని అసలు కష్టం తీరేది దానితోనే. ఇలాంటి విన్నపం ఒకటైనా ఉంటే హెచ్‌ఆర్‌కి వెంటనే చేయగలిగిన పని దొరుకుతుంది.

నష్టం కూడా ఒక్క వాక్యంలో, లెక్కతో. మానసిక క్షోభ అంటూ పేరా రాయకండి. మూడు రోజులు ఆటో, 750 రూపాయలు. నిద్ర పట్టడం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళారు అంటే అది జరిగిన విషయమే కాబట్టి తేదీతో రాయవచ్చు.

తయారైన కాగితం

సెప్టెంబరు 1, 2025

విషయం: ఆగస్టు నెలలో షిఫ్ట్ రిలీవింగ్ ఆలస్యాలు, ఆగస్టు 28న ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో జరిగిన సంఘటన గురించి

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నేను క్యూసీ విభాగంలో అనలిస్ట్‌ని (ఎంప్లాయీ కోడ్ ______). ఆగస్టులో నేను ఎ షిఫ్ట్‌లో 11 రోజులు పనిచేశాను (4 నుంచి 9, 25 నుంచి 30, 27 సెలవు). ఆ రోజుల్లో నా రిలీవర్ శ్రీ ______ గారు (ఎంప్లాయీ కోడ్ ______). షిఫ్ట్ మారే సమయం మధ్యాహ్నం 2:00.

ఈ 11 రోజుల్లో నాలుగు రోజులు ఆయన ఆలస్యంగా వచ్చారు: ఆగస్టు 5న సుమారు 2:25కి, 8న సుమారు 2:40కి, 26న సుమారు 2:30కి, 28న సుమారు 3:05కి. మిగతా ఏడు రోజులు సమయానికి వచ్చారు. ఈ వివరాలు హ్యాండోవర్ రిజిస్టర్‌లో చూడగలరు. నాలుగు రోజుల ఆలస్యం కలిపి సుమారు 2 గంటల 40 నిమిషాలు. నాలుగు రోజులూ 2:20 బస్సు అందలేదు. మూడు రోజులు ఆటోలో వెళ్ళాను, మొత్తం 750 రూపాయలు అయింది. చెల్లింపు వివరాలు నా దగ్గర ఉన్నాయి.

ఆగస్టు 9న ఈ విషయం షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారికి నోటితో చెప్పాను. తాను మాట్లాడతానన్నారు. 26న వాట్సాప్‌లో మళ్ళీ తెలియజేశాను. ఈ రోజు వరకు జవాబు రాలేదు.

ఆగస్టు 28న సుమారు 3:05కి ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో రిజిస్టర్ బల్ల దగ్గర నేను ఆయనతో "సార్, గంట దాటింది, బస్సు ఎప్పుడో పోయింది" అన్నాను. ఆయన "ఏం రా, ఒక గంట ఆగితే చచ్చిపోతావా? నీలాంటి ట్రైనీ గాళ్ళని చాలామందిని చూశాను" అన్నారు. నేను గొంతు పెంచి "మీకు జీతమిచ్చేది పడుకోడానికా?" అన్నాను. ఆయన హ్యాండోవర్ రిజిస్టర్‌ని బల్ల మీదకి విసిరి "నోరు మూసుకుని పో" అన్నారు. ఆ సమయంలో గదిలో ______, ______, ______ గార్లు ఉన్నారు. తర్వాత హ్యాండోవర్ పూర్తి చేసి సుమారు 3:20కి బయటికి వచ్చాను.

నా విన్నపం: (1) రిలీవర్ 2:10 లోపు రాకపోతే పనిని ఎవరికి అప్పగించాలో తెలియజేయగలరు. (2) ఆలస్యం వల్ల నేను పనిచేసిన అదనపు సమయాన్ని కంపెనీ నిబంధనల ప్రకారం పరిశీలించగలరు. (3) ఆగస్టు 28న జరిగినదాని గురించి ఇద్దరినీ విచారించగలరు.

ఇట్లు,
______

ఒక పేజీ. కోపం మాట ఒక్కటీ లేదు, కానీ చిత్తు కంటే ఇదే బరువైన కాగితం. ఆ కుర్రాడికి జరిగిన అవమానం చిత్తులో మనకి కనిపించలేదు, ఇక్కడ కనిపిస్తోంది.

పంపే ముందు, పంపిన తర్వాత

ఒక రాత్రి ఆగి, పొద్దున్నే ఆ సీనియర్ స్థానంలో కూర్చుని చదవండి. ఎక్కడెక్కడ "ఇది నిజం కాదు" అనగలరో అక్కడ గీత పెట్టండి. "రోజూ, ఎప్పుడూ, అందరూ, అసలు, కావాలనే" లాంటి మాటలు ఎక్కడైనా మిగిలాయేమో వెతకండి. సాధారణంగా ఒకటో రెండో దాక్కుని ఉంటాయి.

కాగితం హెచ్‌ఆర్‌కి మాత్రమే పంపండి, లేదా మీ కంపెనీ పద్ధతి ప్రకారం ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి. ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, పదిమందికి కాపీ పెట్టకండి. విచారించే అధికారం ఉన్నవాళ్ళకి మంచి ఉద్దేశంతో చేసిన ఫిర్యాదుకి పరువు నష్టం చట్టంలో మినహాయింపు ఉంది. గ్రూపులో పెట్టిన పోస్టుకి ఆ రక్షణ దొరకడం కష్టం. చేతికి ఇస్తే రెండో కాపీ మీద తేదీ వేసి అందినట్టు సంతకం తీసుకోండి.

హెచ్‌ఆర్ పిలిచినప్పుడు కాగితంలో ఉన్నదే చెప్పండి. గదిలోకి వెళ్ళాక కోపం మళ్ళీ తన్నుకొస్తుంది, కాగితంలో లేని పాత సంగతులన్నీ నోటికొస్తాయి. "ఇంకేమైనా ఉందా?" అని అడిగితే ఆగి, తేదీ చెప్పగలిగేది ఉంటేనే చెప్పండి. తెలియనిదానికి "నాకు తెలియదు" అనండి. బయటికి వచ్చాక అదే రోజు ఒక చిన్న మెయిల్ పెట్టండి: ఎవరెవరు ఉన్నారు, ఏం చెప్పారు, తర్వాత ఏం చేస్తామన్నారు, ఎప్పటిలోగా.

ఆ తర్వాత మళ్ళీ ఆలస్యమైతే కొత్త ఫిర్యాదు అక్కర్లేదు. అదే మెయిల్‌కి జవాబుగా ఒక్క వరస: "సెప్టెంబరు 16న రిలీవర్ సుమారు 2:35కి వచ్చారు. రిజిస్టర్‌లో నమోదైంది."